బండ దెబ్బా, కంకర స్తంభమా?

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి ఎగువన ఫోల్సమ్ జలాశయం ఉంది. ఆ నీటిని నిలబెట్టే కట్టల్లో ఒకదాని పేరు మోర్మన్ ఐలండ్ ఆక్సిలరీ డ్యామ్. 1950ల మొదట్లో పూర్తయిన మట్టికట్ట అది. నడుమ ఉండే బంకమట్టి గోడను గట్టి రాయి తగిలేదాకా దించారు. దానికి ఇరువైపులా ఆసరాగా పోసిన వాలుకట్టల్ని మాత్రం ఒకచోట పాత మేట మీదే పోశారు. ఆ మేట ప్రకృతి వేసింది కాదు. బంగారం కోసం డ్రెడ్జర్లతో నది అడుగు తవ్వి, కడిగి, పనికిరాదని వెనక్కి పారబోసిన ఇసుక, గులకరాళ్లు. కొన్నిచోట్ల అది పదిహేను మీటర్లకు పైగా మందం ఉంది.

1980ల్లో భూకంప భద్రత లెక్కలు వేసినప్పుడు ఈ మేట మీదే అనుమానం వచ్చింది. గట్టిగా కంపిస్తే అది పట్టు విడిచి, పైనున్న వాలు జారిపోవచ్చు. నేలను బాగుచేయాలని నిర్ణయించారు. 1990లో కరువు వల్ల జలాశయం బాగా తగ్గిపోయిన సమయం చూసి, ఎగువ వైపు మేట మీద క్రేన్లతో బరువైన దిమ్మెను పదేపదే జారవిడిచారు. దీన్ని డైనమిక్ కంపాక్షన్ అంటారు. 1993–94లో దిగువ వైపు చేసిన పని వేరు. అక్కడ నేలలోకి వైబ్రేటర్‌ను దించి, ఆ దారిలో కంకర నింపి, స్టోన్ కాలమ్స్ వేశారు. కట్ట ఒకటే, మేట ఒకటే, పద్ధతులు రెండు. చివరికి ఏ వైపు పని ఎలా నిలిచిందో తెలియాలంటే ముందు ఇసుక లోపల ఏం జరుగుతుందో చూడాలి.

వదులు ఇసుక అంటే గింజల మధ్య ఖాళీ ఎక్కువ ఉన్న ఇసుక. కుంచంలో వడ్లు పోసి తడితే ఎలా దిగుతాయో, ఇసుకకూ ఆ గుణమే ఉంది. పైనుంచి మెల్లగా బరువు పెడితే పెద్దగా దిగదు, కదిలిస్తే దిగుతుంది. నీటిలో మునిగి ఉన్న ఇసుక అయితే ఇక్కడే చిక్కు వస్తుంది. భూకంపం కుదుపుతున్నప్పుడు గింజలు దగ్గరకు జరగాలని చూస్తాయి. మధ్యలో ఉన్న నీరు అంత తొందరగా బయటికి పోలేదు. గింజల మీద ఉండాల్సిన భారం నీటి మీదికి వెళుతుంది. గింజకూ గింజకూ ఒరిపిడి పోయి, నేల కాసేపు చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఇంజనీర్లు దీన్ని లిక్విఫాక్షన్ అంటారు. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు గోడలు చెదరకుండానే పక్కకు ఒరిగిపోయింది దీనివల్లే. 2001 జనవరి 26 భూకంపంలో కండ్లా ఓడరేవులో ఒక ఎత్తయిన భవనం ఒరగడానికీ ఇదే కారణం.

వదులెంతో ఎలా తెలుస్తుంది? బోరు వేసి, అడుగున ఒక ఉక్కు గొట్టాన్ని ఆనించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కపెడతారు. పదికి లోపు పడితే ఇసుక వదులు. ముప్ఫై దాటితే గట్టిది. స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్ అనే ఈ పరీక్ష మన దగ్గర ప్రతి సాయిల్ రిపోర్టులోనూ ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ కాగితంలో ముందు చూడాల్సిన వరస అదే. నేల బాగుచేసేవాళ్ల పనంతా ఆ అంకెను ఏడెనిమిది నుంచి ఇరవైకో పాతికకో తీసుకెళ్లడం.

డైనమిక్ కంపాక్షన్‌ను ఇప్పుడున్న రూపానికి తెచ్చింది లూయీ మెనార్ అనే ఫ్రెంచి ఇంజనీరు. 1970 ప్రాంతంలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో దీన్ని వాడటం మొదలైంది. పద్ధతి వినడానికి మొరటుగా ఉంటుంది. పది నుంచి ఇరవై టన్నుల ఉక్కు దిమ్మెను క్రేన్ పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తుకు లేపి వదిలేస్తుంది. ఒకే బిందువు మీద అలా ఎనిమిదో పదో దెబ్బలు పడతాయి. మొదటి దెబ్బకు గుంత అరమీటరు దిగిందనుకుంటే, చివరి దెబ్బలకు అయిదారు సెంటీమీటర్లే దిగుతుంది. దిగడం అలా తగ్గిపోయిందంటే అక్కడికి చాలు. నాలుగైదు మీటర్ల నుంచి ఎనిమిది మీటర్ల దూరంలో ఇంకో బిందువు. ఇలా చదరపు గళ్లలో స్థలమంతా కొట్టి, గుంతలు పూడ్చి, కొన్ని రోజులు ఆగి, ఆ గళ్ల మధ్యలో రెండో విడత కొడతారు. ఆగడం సోమరితనం కాదు. దెబ్బ పడిన చోట నీటి ఒత్తిడి పెరుగుతుంది. అది తగ్గకముందే మళ్లీ కొడితే శక్తి నీటిని కుదపడానికే పోతుంది.

దెబ్బ తగిలిన క్షణంలో గుంత చుట్టూ ఉన్న తడి ఇసుక లిక్విఫై అవుతుంది. నీరు గుంతలోకి, పగుళ్లలోకి ఉబికి రావడం సైటులో కంటికే కనిపిస్తుంది. గింజలు కాసేపు తేలి, మళ్లీ ఇంకాస్త దగ్గరగా సర్దుకుంటాయి. అంటే రాబోయే భూకంపం చేయగల నష్టాన్ని, పైన భవనం లేనప్పుడే, మన చేతిలో ఉన్న మోతాదులో మనమే చేయించుకుంటున్నాం. వైబ్రేటర్ పద్ధతిలోనూ జరిగేది ఇదే. ఈ రెండింటినీ పోల్చేటప్పుడు ఈ సంగతి పట్టుకుంటే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

స్టోన్ కాలమ్ పనిలో క్రేనుకు వేలాడేది పొడవాటి ఉక్కు గొట్టం. దాని కొసన మూడు, నాలుగు మీటర్ల పొడవున్న వైబ్రేటర్ ఉంటుంది. లోపల ఒకవైపు బరువున్న ఇరుసు సెకనుకు ముప్ఫై నుంచి యాభై సార్లు తిరుగుతూ మొనను అడ్డంగా ఊపుతుంది. మొన నుంచి నీటిజల్లు కొడుతూ దించితే అది తడి పద్ధతి. అప్పుడు కంకరను పైనుంచి గొట్టం పక్కన ఉన్న సందులో పోస్తారు. గొట్టం వెంటే కంకర గొట్టాన్నీ అమర్చి అడుగున విడిస్తే పొడి పద్ధతి. కావాల్సిన లోతు చేరాక వైబ్రేటర్‌ను అరమీటరో, మీటరో పైకి లాగుతారు. కింద ఏర్పడిన ఖాళీలోకి కంకర జారుతుంది. మళ్లీ దించి ఆ కంకరను కిందికీ, పక్కలకూ నొక్కుతారు. ఇలా ఎత్తుతూ దించుతూ నేల మట్టానికి వచ్చేసరికి అరవై సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా వ్యాసం ఉన్న కంకర స్తంభం తయారవుతుంది. మొన చుట్టూ ఇసుక గట్టిపడిందని వైబ్రేటర్ మోటారే చెబుతుంది. అది లాగే కరెంటు పెరుగుతుంది. ఆపరేటరు కన్ను అమ్మీటరు మీదే ఉండాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. స్టోన్ కాలమ్స్ అనగానే భవనాన్ని మోసే స్తంభాలు గుర్తొస్తాయి. కడిగినట్టుండే శుభ్రమైన ఇసుకలో ఆ స్తంభం చేసే పని తక్కువ, స్తంభం వేసే క్రమంలో జరిగే కంపన పని ఎక్కువ. ఇసుక దగ్గరకు జరగ్గా పడిన ఖాళీని నింపేదే కంకర. అందుకే చాలా చోట్ల కంకర మానేసి, పైనుంచి ఇసుకే పోస్తూ వైబ్రేటర్‌తో గట్టిపరుస్తారు. అది వైబ్రో కంపాక్షన్. ఇసుకలో ఒండ్రు పాలు పెరిగేకొద్దీ కంపనానికి గింజలు సర్దుకోవడం తగ్గుతుంది. అప్పుడు కంకర నిజంగానే స్తంభమవుతుంది. చుట్టూ ఉన్న మెత్తటి నేల కన్నా గట్టిగా నిలబడి భారంలో ఎక్కువ వాటా తీసుకుంటుంది, నీటికి దారి ఇస్తుంది. ఈ చివరి గుణాన్ని మాత్రం మరీ నమ్ముకోకూడదు. వైబ్రేటర్ ఊపులో చుట్టుపక్కల ఇసుక కంకర సందుల్లోకి చేరిపోతుంది. తవ్వి చూస్తే చాలా స్తంభాలు శుభ్రమైన కంకరలా ఉండవు.

ఇక లెక్కలోకి వద్దాం. తీరం దగ్గర ఒక హెక్టారు స్థలం ఉందనుకుందాం. పై ఎనిమిది మీటర్లు వదులు ఇసుక, ఒండ్రు చాలా తక్కువ, నీటిమట్టం మూడు మీటర్ల లోతున, చుట్టూ ఇళ్లు లేవు. వెడల్పాటి గోదాములు కట్టాలి.

డైనమిక్ కంపాక్షన్‌కు లోతు అంచనా సులువు. దిమ్మె బరువును టన్నుల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని గుణించి, వర్గమూలం కట్టి, ఇసుకకైతే అందులో సగం తీసుకోవడం వాడుక. 15 టన్నుల దిమ్మె, 20 మీటర్ల ఎత్తు అయితే గుణిస్తే 300. వర్గమూలం 17.3. సగం ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు. మన ఎనిమిది మీటర్లకు సరిపోతుంది. ఆరు మీటర్ల గళ్లలో రెండు విడతలు, బిందువుకు పది దెబ్బలు అనుకుంటే హెక్టారుకు సుమారు 560 బిందువులు, 5,600 దెబ్బలు. ఒక క్రేను రోజుకు 250 దాకా కొడుతుందనుకుంటే మూడు నాలుగు వారాల పని, మధ్యలో ఆగే రోజులు అదనం. కొట్టడం అయ్యాక పైన ఒకటి రెండు మీటర్ల మందం గుంతలు పడి చెదిరి ఉంటుంది. తక్కువ ఎత్తు నుంచి వెడల్పాటి దిమ్మెతో దాన్ని ఇస్త్రీ చేసినట్టు కొట్టి, రోలరు తిప్పాలి.

ఈ పనిలో కొనాల్సిన సరుకు ఏమీ లేదని అంటుంటారు. అది సగమే నిజం. ఇసుకలో గింజల పరిమాణం ఒకటైతే ఖాళీ 0.80 ఉందనుకుందాం. అది 0.65కు తగ్గితే, ఎనిమిది మీటర్ల మందం 67 సెంటీమీటర్లు కుంగుతుంది. హెక్టారు మీద అది 6,700 ఘనమీటర్లు. స్థలం పాత మట్టానికి రావాలంటే అంత ఇసుకో గ్రావెలో తెచ్చి పోయాలి. పది ఘనమీటర్ల టిప్పరు అయితే 670 లోడ్లు. టెండరు పత్రంలో ఈ వరస విడిగా లేకపోతే ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ తప్పదు.

ఆ స్థలంలోనే స్టోన్ కాలమ్స్ వేద్దాం. 90 సెంటీమీటర్ల వ్యాసం, త్రికోణం గళ్లలో రెండున్నర మీటర్ల దూరం. ఒక్కో స్తంభానికి అయిదున్నర చదరపు మీటర్ల కన్నా కాస్త తక్కువ స్థలం వస్తుంది. అంటే హెక్టారుకు దాదాపు 1,850 స్తంభాలు. ఒక్కోటి ఎనిమిది మీటర్లు దిగితే నేలలో నిలిచే కంకర 9,400 ఘనమీటర్లు. లోపల నొక్కుకుపోతుంది కాబట్టి లారీలో కొలిచిన లెక్కన అది పదకొండు, పన్నెండు వేలు అవుతుంది. అంటే వెయ్యికి పైగా టిప్పర్ల క్రషర్ కంకర. ఒక యంత్రం రోజుకు పదిహేను, ఇరవై స్తంభాలు వేస్తే వంద రోజుల పని, లేదా రెండు మూడు యంత్రాలు. తడి పద్ధతైతే నీళ్లూ, బయటికొచ్చే బురదా వేరే తలనొప్పి. బురదకు గుంటలు తవ్వాలి, అది పక్క పొలంలోకి పోకుండా చూడాలి.

ఈ హెక్టారులో నా మొగ్గు బండ దెబ్బ వైపే. స్థలం విశాలం, ఇసుక శుభ్రం, లోతు తక్కువ. డైనమిక్ కంపాక్షన్‌కు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. సౌదీ అరేబియాలో ఎర్రసముద్రం ఒడ్డున కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం కట్టినప్పుడు లక్షల చదరపు మీటర్ల నేలను ఈ కోవ పద్ధతులతోనే నెలల్లో సిద్ధం చేశారు. ఇందులో ఏ ఒక్క సంగతి మారినా తూకం మారిపోతుంది.

ముందు లోతు సంగతి చూద్దాం. వదులు ఇసుక ఎనిమిది కాక పదిహేను మీటర్లు ఉందనుకోండి. సగం తీస్తే పదిహేను రావాలంటే వర్గమూలం ముప్ఫై కావాలి, గుణకారం 900 కావాలి. అంటే 30 టన్నుల దిమ్మెను 30 మీటర్ల నుంచి వదలాలి. మామూలు క్రేను పని కాదది. లోతు రెట్టింపు కాకముందే శక్తి మూడింతలైంది. పైగా ఆ సూత్రం చెప్పేది దెబ్బ ప్రభావం ఎంత లోతు చేరుతుందనే. అంతటా ఒకేలా గట్టిపడుతుందని కాదు. ఎక్కువ ఫలితం ఆ లోతులో మూడోవంతు నుంచి సగం దాకా ఉన్న భాగంలో కనిపిస్తుంది. అడుగుకు వెళ్లేసరికి సన్నగిల్లిపోతుంది. వైబ్రేటర్‌కు ఈ బాధ లేదు. దాని మొన ఎక్కడుంటే కంపనం అక్కడే పుడుతుంది. పదిహేను మీటర్లు కావాలంటే గొట్టం పొడవు పెంచితే సరి.

మోర్మన్ ఐలండ్ కథ అర్థమయ్యేది ఇక్కడే. అక్కడ ఎగువ వైపు వాడింది చిన్న దిమ్మె కాదు. 35 అమెరికన్ టన్నులు, అంటే 32 మెట్రిక్ టన్నుల దిమ్మెను ముప్ఫై మీటర్లకు పైగా ఎత్తు నుంచి వదిలారు. లెక్క ప్రకారం పదిహేను మీటర్లు చేరాలి. మేటలో పై భాగం బాగానే గట్టిపడింది. అడుగు భాగంలో ఆశించినంత ఫలితం రాలేదు. ఇది తెలిశాక దిగువ వైపు పద్ధతి మారిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దిగువ వైపు స్టోన్ కాలమ్స్ కూడా చివరిమాట కాలేకపోయాయి. 2000ల్లో కట్టను మళ్లీ పరిశీలించినప్పుడు ఆ పునాది మీద భరోసా చాల్లేదు. చివరికి దిగువన మేటను భాగాలు భాగాలుగా రాయి దాకా తవ్వి, కాంక్రీటుతో నింపి, పైన కట్టను మందం చేశారు. నేలను బాగుచేయడం కాదు, నేలనే మార్చేశారు. డ్రెడ్జర్ మేట స్వభావం తెలిస్తే ఈ ఇబ్బంది ఊహించగలం. డ్రెడ్జర్ పారబోసినప్పుడు ఇసుక, సన్నటి ఒండ్రు దాని వెనక నీటిగుంటలో కిందికి చేరతాయి, పెద్ద గులకరాళ్లు పైన పడతాయి. అంటే మనకు ఎక్కువ గట్టితనం కావాల్సిన అడుగునే కంపనానికి లొంగని పదార్థం ఎక్కువ. పైన గులకరాళ్లను చీల్చుకుని పోవడం వైబ్రేటర్‌కూ సులువు కాదు. ఒక పద్ధతిని లోతు ఓడించిందంటే, రెండోదాన్ని ఓడించగలిగేది ఒండ్రు.

ఈ ఒండ్రు గీత ఎక్కడ? ఇసుకను 75 మైక్రాన్ల జల్లెడలో పోసి, కిందికి పోయిన భాగాన్ని తూచి చెబుతారు. పది శాతం లోపు ఉంటే కంపనానికి చక్కగా లొంగుతుంది. పదిహేను దాటిందంటే వైబ్రేటర్ ఒక్కదాని మీద ఆధారపడలేం, కంకర స్తంభం దగ్గరదగ్గరగా కావాలి. ఆ సన్నటిదానిలో జిగురుండే బంకమన్ను కూడా ఉంటే బండ దెబ్బ దండగ. నీరు బయటికి పోదు, నేల రబ్బరులా ఊగుతుంది, గుంత దిగినంత మేరా పక్కన ఉబ్బుతుంది. సైటులో దీన్ని కనిపెట్టడానికి సర్వే పరికరం చాలు. గుంతలోకి పోయిన ఘనపరిమాణం, చుట్టూ ఉబ్బిన ఘనపరిమాణం కొలిచి తేడా తీయాలి. గుంత పెద్దదై, ఉబ్బు కూడా అంతే ఉంటే నేల గట్టిపడలేదు, పక్కకు జరిగిందంతే.

కృష్ణా, గోదావరి డెల్టాల వాళ్లకు ఇది దూరపు కబురు కాదు. అక్కడ బోర్లలో ఇసుక పొర కింద మెత్తటి నల్లబంక, దాని కింద మళ్లీ ఇసుక తగలడం మామూలే. పై అయిదు మీటర్లు ఇసుకే కదా అని బండ వేస్తే, శక్తి ఆ బంక పొర దగ్గరే అరిగిపోతుంది. అలాంటి చోట స్టోన్ కాలమ్స్‌కే మొగ్గాలి. వాటినైనా బంక పొర దాటించి గట్టి ఇసుకలో ఆనించాలి. మన దేశంలో ఈ స్తంభాలకు ఐఎస్ 15284 మొదటి భాగం అని 2003 నుంచి మార్గదర్శకం ఉంది.

చిన్న పనుల్లో ఇంకో రకం స్తంభం కనిపిస్తుంది. వైబ్రేటర్ లేకుండా, కేసింగ్ గొట్టం దించుతూ బెయిలర్‌తో మట్టి తోడి, కంకర పోసి, పైనుంచి బరువుతో దంచుతారు. మెత్తటి బంకమన్నులో ఇది చౌకగా, బాగానే పనిచేస్తుంది. నీటిమట్టం కింద ఉన్న వదులు ఇసుకలో మాత్రం జాగ్రత్త. బెయిలర్ పైకి లాగినప్పుడల్లా బయటి నీరు ఇసుకను వెంటబెట్టుకుని గొట్టం అడుగు నుంచి లోపలికి పొంగుతుంది. స్తంభం వేద్దామని వెళ్లి చుట్టుపక్కల ఇసుకను ఇంకా వదులు చేసి రావడమే అవుతుంది. గొట్టంలో నీటిని ఎప్పుడూ బయటి మట్టం కన్నా పైన ఉంచాలి. తోడిన ఇసుక ఆ బోరు ఘనపరిమాణం కన్నా ఎక్కువ వస్తోందంటే పని ఆపేయాలి.

ఇరుగుపొరుగు సంగతి లోతు కన్నా ముందే తేలిపోతుంది. మన హెక్టారులో వాడిన దిమ్మెకు, పాత కొలతల నుంచి తీసిన పైస్థాయి అంచనా ప్రకారం, 30 మీటర్ల దూరంలో నేల కంపన వేగం సెకనుకు 30 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. 60 మీటర్ల దగ్గర 12కు తగ్గుతుంది. పాత ఇళ్ల సున్నపు పూత పగలడానికి ఆ పన్నెండు, పదమూడు చాలు. పైగా ఈ అలలు నెమ్మదిగా ఊగే రకం, తక్కువ ఎత్తు ఇళ్లు వాటికి తేలిగ్గా స్పందిస్తాయి. మధ్యలో కందకం తవ్వితే కొంత ఉపశమనం ఉంటుంది, పూర్తిగా కాదు. వైబ్రేటర్ కంపనం వేగంగా ఊగే రకం కాబట్టి కొద్ది మీటర్లలోనే చచ్చిపోతుంది. అందుకే ఊరి మధ్యలో, నడుస్తున్న ఫ్యాక్టరీ పక్కన, పైపులైన్ల దగ్గర బండ మాటెత్తరు. ఏ పద్ధతైనా పని మొదలుకాకముందే పక్క ఇళ్ల గోడలకు ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లను యజమాని సంతకంతో రాసిపెట్టుకోవాలి. తర్వాత కనిపించే ప్రతి పగులూ క్రేను మీదికే వస్తుంది.

నీటిమట్టం కూడా బండకు అడ్డే. అది రెండు మీటర్ల కన్నా పైకి ఉంటే గుంత నిండా నీళ్లు చేరి, దిమ్మె నీళ్లలో పడి, పై ఇసుక చిలికినట్టవుతుంది. అప్పుడు ముందుగా మీటరు మందం గ్రావెల్ పరుపు వేయాలి లేదా నీటిని తోడి దించాలి.

పని అయ్యాక నేల గట్టిపడిందో లేదో తేల్చడంలోనే ఎక్కువ మోసాలూ, ఎక్కువ భ్రమలూ ఉంటాయి. దెబ్బల సంఖ్య, కంకర లారీల సంఖ్య పని జరిగిందని చెబుతాయి, ఫలితం చెప్పవు. మళ్లీ బోరు వేసి దెబ్బలు లెక్కపెట్టాలి, లేదా శంకువు మొనను నేలలోకి నొక్కుతూ ప్రతి రెండు సెంటీమీటర్లకూ నిరోధం కొలిచే కోన్ టెస్ట్ చేయాలి. ఇసుకకు ఈ రెండోదే మెరుగు. సన్నటి బలహీన పొర కూడా అందులో దాక్కోలేదు. ఎక్కడ చేయాలన్నది ఇంకా ముఖ్యం. స్టోన్ కాలమ్స్ వేసిన చోట మూడు స్తంభాల నడిమధ్యన చేయాలి. కంపనం అతి తక్కువగా చేరేది అక్కడికే. స్తంభాన్ని ఆనుకుని చేసిన పరీక్ష అంకెలు అందంగానే ఉంటాయి, దానివల్ల ప్రయోజనం లేదు. బండ కొట్టిన చోట కూడా గుంతలో కాదు, నాలుగు గుంతల మధ్యన చేయాలి. స్తంభాల మీద లోడ్ టెస్టు వేరే ఉంటుంది. ఒక్క స్తంభం మీద చేసేది చిన్న పలక పరీక్ష, పై రెండు మూడు మీటర్ల సంగతే చెబుతుంది. మూడు స్తంభాలను కలిపి చేసే పరీక్ష ఖరీదైనదే గానీ, అడుగు ఎలా ఉందో కాస్తయినా చెప్పేది అదే.

ఎప్పుడు చేయాలన్నదీ ప్రశ్నే. నైజీరియాలో జెబ్బా డ్యామ్ కట్టినప్పుడు నది ఇసుకను వైబ్రేటర్లతో, పేలుళ్లతో గట్టిపరిచారు. పేలుళ్ల తర్వాత వెంటనే కోన్ దించితే నిరోధం పెరగకపోగా కొన్నిచోట్ల ముందుకన్నా తగ్గింది. నేల మట్టం కుంగింది, అంటే ఇసుక దగ్గరకు జరిగింది, కానీ కోన్ ఆ మాట ఒప్పుకోలేదు. వారాలు గడిచేకొద్దీ అదే చోట నిరోధం పెరుగుతూ వచ్చింది. కదిలిన గింజలు కొత్త అమరికలో కుదురుకుని పట్టు సంపాదించడానికి రోజులు పడుతుందని జేమ్స్ మిచెల్, జోల్టాన్ సాలిమార్ 1984లో ఈ అనుభవాన్ని రాశారు. అప్పటినుంచి పని అయిన మర్నాడే పరీక్ష చేసి కాంట్రాక్టరు పనిని తిరగ్గొట్టడం తగ్గింది. రెండు మూడు వారాలు ఆగి చేయడం మంచిది. బిల్లు కోసం తొందరపడే కాంట్రాక్టరుకే ఈ ఆలస్యం లాభం.

టెండరు రాసేవాళ్లకు ఒక మాట. హెక్టారుకు ఇన్ని దెబ్బలు, ఇన్ని స్తంభాలు అని రాస్తే అంతే కొడతారు, అంతే వేస్తారు. ముందు స్థలం మూలన ఇరవై మీటర్ల చదరంలో ట్రయల్ చేయించాలి. ఒకచోట ఆరు దెబ్బలు, ఒకచోట పది, ఒకచోట పద్నాలుగు. లేదా స్తంభాలైతే రెండు మీటర్ల దూరం, రెండున్నర, మూడు. మూడు వారాల తర్వాత కోన్ దించి, ఏ మీటరు లోతులో ఎంత నిరోధం రావాలో ఆ అంకెను ఒప్పందంలో రాయించాలి. ట్రయల్ ఖర్చు మొత్తం పనిలో చిన్నది. ఒండ్రు ఎక్కువున్న మూల ఏదో కూడా అందులోనే బయటపడుతుంది. అప్పుడు ఆ మూలలో మాత్రం కంకర స్తంభాలు, మిగతా అంతా బండ దెబ్బ అని ఒకే స్థలాన్ని రెండుగా పంచుకోవడానికీ వీలుంటుంది.